ఎనుమాముల దగ్గర ఒక ప్లాటు, రెండు ప్రాజెక్టులు, 13.45 శాతం: ఒక క్రాసోవర్ రేట్ కేస్

నేను హన్మకొండల కాస్ట్ అకౌంటెంట్‌గా ప్రాక్టీస్ చేస్త. ఈ కేసు పోయిన సీజన్ ముందు నా దగ్గరికొచ్చింది. క్లయింట్ వివరాలు బయటపడకుండ ఉండాలని పేర్లు రాస్తలేను, అంకెలు రౌండ్ చేసిన, కని లెక్క నడిచిన తీరు మాత్రం ఉన్నది ఉన్నట్టే రాస్తున్న.

ఇద్దరు అన్నదమ్ములు, మిర్చి వ్యాపారం ఇంట్ల ఎప్పటి నుంచో ఉన్నది. ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర్ల ఒక ప్లాటు అయిదేండ్ల లీజుకు దొరికింది. చేతిల పెట్టుబడి కోటి రూపాయలు, అందుల సగం సొంతం, సగం బ్యాంకు లోను. పెద్దాయనకు ఆడ కారంపొడి మిల్లు పెట్టాలని ఉన్నది, తమ్మునికి మిర్చి బస్తాలు పెట్టుకునే కోల్డ్ స్టోరేజ్ చాంబర్ కట్టాలని ఉన్నది. రెండిటికీ ఖర్చు దగ్గర దగ్గర కోటే. ప్లాటు ఒక్కటే, కరెంటు లోడు ఒక్కదానికే సరిపోతది, పైసలు కూడ ఒక్కదానికే ఉన్నయి కాబట్టి ఏదో ఒకటే చెయ్యాలె. ఈ ముక్క ముందే ఎందుకు చెప్తున్ననంటే రెండూ చేసుకునే వీలుంటే ఈ గొడవే లేదు, ఎన్‌పీవీ, అంటే రాబోయే పైసలన్నిటినీ ఈనాటి విలువకు తెచ్చి పెట్టుబడి తీసేస్తే మిగిలేది, పాజిటివ్ వచ్చిన ప్రతిదీ చేసుకోవచ్చు, ర్యాంకు పంచాయితీ వచ్చేది ఒకటి చేస్తే ఇంకోటి వదులుకోవాల్సి వచ్చినప్పుడే.

వాళ్లు నా దగ్గరికి వచ్చేసరికే వేరేకాడ ఒక ప్రాజెక్ట్ రిపోర్ట్ చేపించుకున్నరు. దాంట్ల చివరి పేజీల ఒకటే లైను: మిల్లు ఐఆర్ఆర్ 17.1 శాతం, చాంబర్ ఐఆర్ఆర్ 15.5 శాతం, కాబట్టి మిల్లు పెట్టుకోండి. ఐఆర్ఆర్ అంటే ప్రాజెక్టు ఏటా ఇచ్చే రాబడి రేటు, దాని సంగతి కింద వివరంగ చెప్త. పెద్దాయన ఆ పేజీ మడిచి జేబుల పెట్టుకొని తిరుగుతుండె. తమ్ముడు మాత్రం "సార్, మొత్తం పైసలు లెక్కేస్తే చాంబర్‌లనే ఎక్కువొస్తున్నయి గదా, మరి అదెట్ల తక్కువైతది?" అని అడిగిండు. ఆ అనుమానం కరెక్టే, కని ఊరికె మొత్తం కూడి చూసుడు కూడ లెక్క కాదు, ఎందుకంటే అయిదో ఏట వచ్చే రూపాయి, మొదటి ఏట వచ్చే రూపాయి ఒకటి కావు.

ముందు క్యాష్ ఫ్లోలు చూడుండ్రి. అన్నీ లక్షలల్ల, ట్యాక్స్ కట్టినంక మిగిలేవి, బ్యాంకు మిత్తి తీసెయ్యకముందువి. మిత్తిని ఈడ తీసెయ్యద్దు, రాబోయే పైసలను ఈనాటి విలువకు తగ్గించే రేటు, అంటే డిస్కౌంట్ రేట్‌లనే అది ఉంటది, ఇక్కడ కూడ తీసేస్తే రెండుసార్లు కోసినట్టయితది, నా దగ్గరికొచ్చే రిపోర్టులల్ల సగం ఈ తప్పుతోనే వస్తయి.

| ఏడాది | మిల్లు | చాంబర్ | చాంబర్ నుంచి మిల్లు తీసేస్తే |
|---|---|---|---|
| 0 | -100 | -100 | 0 |
| 1 | 50 | 10 | -40 |
| 2 | 40 | 20 | -20 |
| 3 | 25 | 30 | 5 |
| 4 | 15 | 45 | 30 |
| 5 | 10 | 65 | 55 |

మిల్లుకు మొదటి రెండేండ్లు మంచిగెందుకున్నయంటే ఒక హోల్‌సేల్ పార్టీ రెండేండ్లకు ఆర్డర్ ఒప్పుకున్నది. ఆ తర్వాత ఆర్డర్ మల్ల ఉంటదని గ్యారంటీ లేదు, మిషన్లు అరుగుతయి, రిపేర్లు పెరుగుతయి, అందుకే తగ్గించి వేసినం. చాంబర్ కథ దీనికి ఉల్టా. కొత్త స్టోరేజ్‌ల రైతు మొదటి ఏడాదే పంట తెచ్చి పెట్టడు, నర్సంపేట దిక్కు రైతయినా పరకాల దిక్కు రైతయినా ముందు పక్కోడు పెట్టిన బస్తాలు మంచిగ బయటికొచ్చినయా, రంగు పోయిందా, సరుకు బరువు తగ్గిందా చూసుకొనే వస్తడు. అందుకే మొదటి ఏడాది 10 లక్షలే, నాలుగో ఏడాదికి గాని నిండది. అయిదో ఏడాది 65ల 45 కిరాయిల మీద వచ్చేది, 20 లీజు అయిపోయినంక ప్యానెళ్లు, కంప్రెసర్లు అమ్మితే వచ్చేది. ఆ 20ని గుర్తుపెట్టుకోండి, కేసంతా చివరికి దాని మీదికే పోతది.

ఇద్దరికీ అయిదేండ్ల లీజే కాబట్టి రెండు ప్రాజెక్టుల ఆయుష్షు సమానం. అది సమానం కాకపోతే, ఒకటి అయిదేండ్లది ఇంకోటి పదిహేనేండ్లది అయితే, ఈ క్రాసోవర్ లెక్క అట్లనే పెట్టి చూస్తే తప్పుదారి పడతరు, ముందు ఆయుష్షు సంగతి తేల్చుకోవాలె.

ఇప్పుడు ఎన్‌పీవీ. డిస్కౌంట్ రేట్ 12 శాతం తీసుకున్నం. లోను 10 శాతానికి, సొంత పైసల మీద వాళ్లు కనీసం 14 రావాలనుకుంటున్నరు, సగం సగం కాబట్టి 12. బ్యాంకు రేటొక్కటే పెట్టి 10 అనుడు నేను ఒప్పుకోను, సొంత పైసలేమీ ఊరికె రావు, అవి మార్కెట్‌ల తిప్పితే కూడ ఎంతో కొంత మిత్తి వచ్చేదే. 12 శాతం దగ్గర మిల్లు ఎన్‌పీవీ 9.53 లక్షలు, చాంబర్ ఎన్‌పీవీ 11.71 లక్షలు. అంటే ఎన్‌పీవీ చాంబర్ అంటది, ఐఆర్ఆర్ మిల్లు అంటది.

పెద్దాయనకు ఇది చెప్పంగనే మొహం మారింది. "సార్, 17 పెద్దదా, 15.5 పెద్దదా?" అన్నడు. ఆయన అడుగుడు న్యాయమే. ఆ రోజు ఆయనకు నేను చెప్పిన తీరునే ఈడ చెప్త, ఎందుకంటే నాకు తెలిసి ఈ గొడవ అసలు మూలం ఇంతకంటే సాఫ్‌గా కనవడే దారి ఇంకోటి లేదు.

ఐఆర్ఆర్ అంటే ప్రాజెక్టుల ఇంకా ఇరుక్కొని ఉన్న పైసల మీద వచ్చే మిత్తి. మొదట్ల పెట్టిన కోటి మీద అయిదేండ్లు పొడుగూత వచ్చే మిత్తి కాదది. మీరు ప్రాజెక్టుకు కోటి అప్పిచ్చిండ్రు అనుకోండి, ప్రాజెక్టు ప్రతి ఏడాది ఎంతో కొంత కడుతున్నది, మిగిలిన బాకీ మీద మిత్తి పడుతున్నది, అయిదో ఏట బాకీ జీరో కావాలంటే మిత్తి రేటు ఎంతుండాలె, అదే ఐఆర్ఆర్. మిల్లుకు 17.08 శాతం పెట్టి బాకీ రాసి చూసినం. మొదట్ల 100, ఏడాదికి మిత్తితో 117 అయితది, 50 కట్టింది, మిగిలింది 67. రెండో ఏడాది చివర 39, మూడో ఏడాది 20, నాలుగో ఏడాది 9, అయిదో ఏడాది జీరో. చాంబర్‌కు 15.51 పెట్టి రాసినం: 100, మొదటి ఏడాది చివర 106, అంటే బాకీ తగ్గకపోగా పెరిగింది, తర్వాత 102, 88, 56, ఆఖరికి జీరో.

ఇప్పుడు ఏడాది మొదట్ల ఉన్న బాకీలు కూడుండ్రి. మిల్లుది 100, 67, 39, 20, 9 కలిపితే 235. చాంబర్‌ది 100, 106, 102, 88, 56 కలిపితే 452. 235 మీద 17.08 శాతం అంటే 40 లక్షలు, 452 మీద 15.51 శాతం అంటే 70 లక్షలు. మిల్లుల మొత్తం మీద మిగిలేది 40, చాంబర్‌ల మిగిలేది 70, టేబుల్‌ల కూడినా అంతే వస్తది. మిల్లు 17 శాతం ఇచ్చేది నిజమే, కని ఏటేటా చిన్నగయ్యే మొత్తం మీద ఇస్తది, మూడో ఏడాది దాటితే మీ కోటిల ఐదో వంతే అందుల ఉంటది. చాంబర్ రేటు ఒకటిన్నర తక్కువే కని దగ్గర దగ్గర మూడేండ్లు పూర్తి కోటి మీద ఇస్తది. పెద్దాయన కాగితం మీద ఆ రెండు వరుసలు చానాసేపు చూసి "అంటే నా పైసలు తొందరగ చేతికొస్తయి, వాని పైసలు లోపల్నే పని చేస్తయి" అన్నడు. నేను ఇంతకన్న మంచిగ చెప్పలేను.

మరి చేతికి తొందరగా వచ్చిన పైసలకు విలువ లేదా? ఉన్నది, అదే డిస్కౌంట్ రేట్ చూసుకునే పని. రేటు ఎక్కువుంటే ముందొచ్చే పైసలకు విలువ పెరుగుతది, మిల్లు గెలుస్తది. రేటు తక్కువుంటే ఆలస్యంగ వచ్చినా ఎక్కువొచ్చే చాంబర్ గెలుస్తది. నడిమిట్ల ఎక్కడో ఒక రేటు దగ్గర రెండూ సమానమైతయి, అదే క్రాసోవర్ రేట్. అమెరికా ఎకనమిస్ట్ ఇర్వింగ్ ఫిషర్ పేరు మీద దాన్నే ఫిషర్ రేట్ అని కూడ అంటరు.

దాన్ని పట్టుకునుడు కష్టమేం కాదు. టేబుల్‌ల చివరి కాలమ్ చూడుండ్రి, అది చాంబర్‌ల నుంచి మిల్లును తీసేసింది. దాన్నే ఒక ప్రాజెక్టు అనుకోండి: మిల్లు వదిలి చాంబర్ దిక్కు పోతే మొదటి ఏడాది 40 లక్షలు, రెండో ఏడాది 20 లక్షలు వదులుకుంటున్నరు, బదులుగ మూడో ఏడాది 5, నాలుగో ఏడాది 30, అయిదో ఏడాది 55 ఎక్కువొస్తున్నయి. ఈ వదులుకునే ప్రాజెక్టుకు ఐఆర్ఆర్ ఎంతో కడితే అదే క్రాసోవర్. ఎక్సెల్‌ల మిల్లు B2 నుంచి B7 దాక, చాంబర్ C2 నుంచి C7 దాక, తేడా D కాలమ్‌ల, డిస్కౌంట్ రేట్ F1ల పెట్టినం.

```
=NPV(F1,B3:B7)+B2
=NPV(F1,C3:C7)+C2
=IRR(B2:B7)
=IRR(C2:C7)
=IRR(D2:D7)
```

చివరిది 13.45 శాతం చూపిస్తది. సరిగ్గ వచ్చిందా అని పరీక్ష చెయ్యాలంటే F1ల 13.45% కొట్టి పై రెండు ఎన్‌పీవీలు చూడాలె, రెండూ 6.65 రావాలె, వస్తయి. నేను ఈ పరీక్ష చెయ్యకుండ ఏ క్లయింట్‌కూ అంకె చెప్పను. ఇంకో సంగతి, ఎక్సెల్ NPV ఫంక్షన్ తనకిచ్చిన మొదటి అంకెను కూడ ఒక ఏడాది డిస్కౌంట్ చేస్తది, అందుకే పెట్టుబడిని బ్రాకెట్ బయట కలపాలె. లోపల పెడితే 12 శాతం దగ్గర మిల్లుకు 9.53 బదులు 8.51 చూపిస్తది. ర్యాంకు మారదు కని బ్యాంకు మేనేజర్ ముంగట అంకె తప్పయితది.

ఇప్పుడు గ్రాఫ్. ఒక్కో రేటు దగ్గర రెండు ఎన్‌పీవీలు ఇవి, లక్షలల్ల:

| రేటు | మిల్లు | చాంబర్ |
|---|---|---|
| 0% | 40.00 | 70.00 |
| 5% | 25.67 | 41.53 |
| 10% | 13.75 | 19.25 |
| 12% | 9.53 | 11.71 |
| 13.45% | 6.65 | 6.65 |
| 15% | 3.71 | 1.59 |
| 18% | -1.58 | -7.28 |
| 20% | -4.84 | -12.59 |

కింద గ్రాఫ్‌ల నిలువు గీత మీద ఎన్‌పీవీ, అడ్డం గీత మీద డిస్కౌంట్ రేట్. చుక్క గుర్తు * మిల్లు, సున్న గుర్తు o చాంబర్, # రెండూ కలిసే చోటు. 12.5 దగ్గర రెండు పాయింట్లు ఒకదాని మీద ఒకటి పడ్డయి, అందుకే ఆడ @ పెట్టిన. పాయింట్లను దగ్గరి 5 లక్షలకు సర్దిన, కచ్చితమైన అంకెలు పై టేబుల్‌వే.

```
 70 |o
 65 |
 60 |
 55 |     o
 50 |
 45 |
 40 |*         o
 35 |
 30 |     *         o
 25 |          *
 20 |               *    o
 15 |                    *
 10 |                         @
  5 |                           #  *
  0 |------------------------------o----*----
 -5 |                                   o    *
-10 |
-15 |                                        o
     0    2.5  5    7.5  10   12.5 15   17.5 20
```

చాంబర్ గీత ఎంత ఏటవాలుగ దిగుతున్నదో చూడుండ్రి, మిల్లుది మెల్లగ వంగుతున్నది. చాంబర్ పైసలు ఆఖరి రెండేండ్లల్లనే ఎక్కువున్నయి, దూరం ఉన్న పైసల మీద రేటు దెబ్బ ఎక్కువ పడతది, అందుకే దాని గీత గబగబ కిందికి జారుతది. గీత సున్నను దాటే చోటే ఐఆర్ఆర్, చాంబర్‌ది 15.5 దగ్గర, మిల్లుది 17.1 దగ్గర. ఐఆర్ఆర్ ఆ ఒక్క చోటు గురించే చెప్తది, ఆ చోటుకు ఎడమ దిక్కు ఏ గీత మీదున్నది, ఎంత మీదున్నది అనేది దానికి తెల్వదు. వీళ్లకు కావాల్సింది 12 దగ్గర ఏ గీత మీదున్నది అనేది.

గ్రాఫ్‌ను నాలుగు ముక్కలుగ చదవాలె. 13.45కు తక్కువ అయితే చాంబర్ గీత మీదుంటది, ఐఆర్ఆర్ మాత్రం మిల్లు అంటది, గొడవ ఉన్న జాగ ఇదొక్కటే. 13.45 నుంచి 15.5 దాక రెండు పద్ధతులూ మిల్లే అంటయి. 15.5 నుంచి 17.1 దాక మిల్లొక్కటే లాభం, చాంబర్ నష్టం. 17.1 దాటితే రెండూ వద్దు, ఆ పైసలు వేరేకాడ పెట్టుకోవచ్చు. క్రాసోవర్ తెలిస్తే డిస్కౌంట్ రేట్ 11.8నా 12.2నా అని కొట్లాడాల్సిన పని ఉండది, అది 13.45కు ఏ దిక్కున్నదో తెలిస్తే సాలు.

మన దిక్కు ఇండ్లల్ల మిత్తి శాతంల చెప్తే ఎవ్వరికీ ఎక్కది, నూటికి నెలకు ఎంత అనే మాట్లాడుకుంటరు. అందుకే నేను క్రాసోవర్‌ను ఆ భాషలకే మార్చి చెప్పిన. రూపాయి మిత్తి అంటే ఏడాదికి 12, నెల నెల మిత్తి మీద మిత్తి వేస్తే 12.68, రెండూ 13.45కు తక్కువనే. రూపాయిన్నర అంటే 18. వాళ్ల నాయిన గూడ ఆ రోజు వచ్చి కూసున్నడు, "మనం రూపాయిన్నర కంటే తక్కువకు ఎవ్వరికన్న ఇచ్చినమా" అన్నడు. నేను గ్రాఫ్‌ల 18 దగ్గర వేలు పెట్టి చూపించిన, "బాపు, నీ లెక్కన రెండూ నష్టమే, మిల్లు లక్షన్నర, చాంబర్ ఏడు లక్షలు". కని ఆయన ఇచ్చే రూపాయిన్నర అప్పుల్ల మునిగినయి ఎన్ని అని అడిగితే రెండు పెద్దవి చెప్పిండు. మునిగినవి పోంగ మిగిలేది లెక్కేసి ఏడాదికి సగటు ఎంత పడ్డది అని చూస్తే 13, 14 మధ్యల తేలింది. రేటు అడిగేది వేరు, చేతికి వచ్చేది వేరు, డిస్కౌంట్ రేట్‌కు రెండోదే తీసుకోవాలె. సొంత పైసలకు 14 అని పెట్టింది అందుకే.

ఈడి దాక వచ్చినంక సగం మంది ఆపేస్తరు, 12 అనేది 13.45కు తక్కువ కాబట్టి చాంబర్ అని రాసి సంతకం పెడతరు. నేను ఆడ ఆగలేదు, ఎందుకంటే 12కూ 13.45కూ నడుమ దూరం ఒకటిన్నరే. క్రాసోవర్ అనేది దేవుడు రాసిన అంకె కాదు, మనం వేసుకున్న క్యాష్ ఫ్లోల నుంచి పుట్టింది, అవి కదిలితే అది కూడ కదులుతది. అందుకే డిస్కౌంట్ రేట్‌ను అట్లనే పెట్టి, ఏ అంకె మీద నాకు నమ్మకం తక్కువున్నదో దాన్ని కదిపి చూసిన.

నమ్మకం తక్కువున్నది ఆ 20 లక్షలు. లీజు అయిపోయినంక ప్యానెళ్లు, కంప్రెసర్లు అమ్మితే వస్తయని తమ్ముడు వేసిన అంకె. పునాది, ఫ్లోరింగ్, కరెంటు పని ఊడదీసి తీసుకపోలేరు, అవి పోయినట్టే. సరే, 20 బదులు 10 వస్తే? అయిదో ఏడాది తేడా 55 నుంచి 45 అయితది, క్రాసోవర్ 13.45 నుంచి 9.5కు పడిపోతది. 12 శాతం దగ్గర చాంబర్ ఎన్‌పీవీ 6.03 అయితది, మిల్లు 9.53, ర్యాంకు తారుమారు. అయిదేండ్ల తర్వాత సెకండ్‌హ్యాండ్‌ల అమ్మే సామాను మీద ఒక అందాజ తప్పితే మొత్తం నిర్ణయమే తిరగబడ్తున్నది.

ఎంత దాక తగ్గితే తట్టుకుంటది అనేది కూడ కట్టొచ్చు. 12 శాతం దగ్గర రెండిటికీ తేడా 2.17 లక్షలు, అది ఈనాటి విలువ. దాన్ని అయిదేండ్ల డిస్కౌంట్ ఫ్యాక్టర్ 0.5674తో భాగిస్తే 3.83. అంటే అమ్మకం విలువ 20ల నుంచి 3.83 పోతే, 16.17 దగ్గర, రెండూ సమానం. తమ్మునికి నేను ఇచ్చిన పని ఇదొక్కటే: సామాను 16 లక్షల పైన పోతదని నోటి మాట కాకుండ కాగితం మీద ఎవరన్న రాసిస్తరా చూడు.

ఆయన రెండు వారాలు తిరిగిండు. పాత మిషన్లు కొనేటోళ్లు అయిదేండ్ల తర్వాతి సామానుకు ఇప్పుడే రేటు చెప్పరు, అది న్యాయమే. చివరికి ప్లాటు యజమాని దగ్గరనే దారి దొరికింది. లీజు అయిపోయినంక చాంబర్ కట్టినట్టే వదిలిపెడితే, నడిచే కండిషన్‌ల ఉంటే, 18 లక్షలిచ్చి తీసుకుంటనని లీజు అగ్రిమెంట్‌ల షరతు రాయించిండు. ఊడదీసే కూలి కూడ తప్పింది. 18 పెట్టి మల్ల కడితే క్రాసోవర్ 12.7, చాంబర్ 12 శాతం దగ్గర మిల్లు కంటే లక్ష రూపాయలు మాత్రమే ఎక్కువ. అంకె 20ల నుంచి 18కి తగ్గినా నాకు ఈ రెండోదే నచ్చింది, ఎందుకంటే మొదటిది అందాజ, ఇది సంతకం.

కని లక్ష తేడా మీద కోటి పెట్టమని నేను చెప్పలేను. కోటి రూపాయల ప్రాజెక్టుల లక్ష అంటే అందాజల తప్పుల మునిగిపోయే తేడా. క్రాసోవర్‌కు ఇంత దగ్గరున్నప్పుడు గ్రాఫ్ చెప్పేది రెండూ సమానమనే, ఆడ ఎన్‌పీవీ పట్టుకొని ఒకటి గొప్పదని వాదించుడు తప్పు. పెద్దాయనకు అదే చెప్పిన, అప్పుడు ఆయన తమ్మునితోని మంచిమాటే అన్నడు: "నీ చాంబర్ మొదటి ఏడాదే సగం ఖాళీగ ఉంటది గదరా, అది నింపుకుంటే నేను అడ్డురాను."

మొదటి ఏడాది పది లక్షలు మాత్రమే వచ్చుడే చాంబర్‌కు అన్నిటికన్న పెద్ద దెబ్బ. తమ్ముడు తనకు తెలిసిన కమీషన్ ఏజెంట్ల దగ్గరికి పోయి మొదటి సీజన్‌కు జాగ బుక్ చేయించిండు, కిరాయి కొంత అడ్వాన్స్, మిగిలింది బస్తాలు తీసినప్పుడు. ఖర్చులు పోంగ మొదటి ఏడాదికి 6 లక్షలు ఎక్కువ. ఈడ నేను ఒక ప్రశ్న గట్టిగ అడిగిన: ఇవి కొత్త బస్తాలా, లేకుంటే రెండో ఏడాది రావాల్సినవి ముందుకు జరిపినవా? రెండిటికీ ఫరక్ మస్తున్నది. రెండో ఏడాదివి మొదటి ఏడాదికి జరిపితే లాభం ఏడాది మిత్తంతనే, 12 శాతం దగ్గర 57 వేలు. కొత్తవైతే 5 లక్షల 36 వేలు. బుకింగ్ కాగితాలు ముంగటేసుకొని చూసినం, మొదటి ఏడాది ఖాళీగ పోయే జాగకే వచ్చినయి, రెండో ఏడాదికి మేము వేసిన 20ల వీటిని లెక్కేయలేదు. సరే అనుకున్నం.

మళ్ల కట్టినం. చాంబర్ ఇప్పుడు 16, 20, 30, 45, 63. తేడా కాలమ్ మొదటి ఏడాది మైనస్ 34, ఆఖరి ఏడాది 53. క్రాసోవర్ 12.7 నుంచి 16.7కు పోయింది. ముందొచ్చే 6 లక్షలు, ఆఖర్ల వచ్చే 10 లక్షలు దగ్గర దగ్గర అంతే దూరం కదిలించినయి, నాలుగు పాయింట్లు. 12 శాతం దగ్గర చాంబర్ ఎన్‌పీవీ 15.93, మిల్లు అదే 9.53, తేడా 6.40 లక్షలు. చాంబర్ ఐఆర్ఆర్ 16.9, మిల్లు ఐఆర్ఆర్ 17.1, అంటే ఐఆర్ఆర్ ర్యాంకు ఇప్పటికీ మిల్లే అంటున్నది, పాత రిపోర్ట్ చివరి పేజీ లైను మారదు. కని ఇప్పుడు రేటు 12 అయినా 14 అయినా 16 అయినా చాంబర్ గీతనే మీదున్నది, బాపు అప్పుల సగటు 13, 14 పెట్టి చూసినా అంతే.

తేడా కాలమ్‌ల గుర్తులు కూడ ఒకసారి చూసిన, ఇది మర్చిపోవద్దు. మైనస్ మైనస్ ప్లస్ ప్లస్ ప్లస్, గుర్తు ఒక్కసారే మారింది, కాబట్టి క్రాసోవర్ ఒక్కటే. చాంబర్‌కు నడిమిట్ల నాలుగో ఏడాది పెద్ద రిపేర్ వచ్చి తేడా మల్ల మైనస్ అయ్యుంటే, గుర్తు ఒకటికంటే ఎక్కువసార్లు మారేది, రెండు గీతలు రెండు మూడు చోట్ల కలిసే వీలుండేది, ఎక్సెల్ అందుల ఒకదాన్నే చూపిస్తది, అది ఏదనేది మీరిచ్చే మొదటి గెస్ మీద ఉంటది. అప్పుడు ఒక్క అంకెను నమ్మకుండ 0 నుంచి 30 శాతం దాక మొత్తం గ్రాఫ్ గీసి కండ్లతోటి చూడాలె. ఇంకోటి, తేడా కాలమ్‌ల గుర్తు అసలే మారకపోతే ఒక ప్రాజెక్టు ప్రతి ఏటా రెండోదానికంటే మంచిదే, క్రాసోవర్ లేదు, వెతకాల్సిన పని లేదు.

కొత్త గ్రాఫ్ ప్రింట్ తీసి ఇచ్చినప్పుడు పెద్దాయన రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకొని కలిసే చోటు ఎడమ నుంచి కుడికి జరిగింది చూసిండు, వేలితోని 12 దగ్గర గీత గీసి ఆ గీత మీద రెండు ఎన్‌పీవీల నడుమ జాగ ముందుకంటే పెరిగిందా అని తనే కొలుచుకున్నడు. పెరిగింది. చాంబర్‌కే పోదామన్నడు, హోల్‌సేల్ పార్టీ ఆర్డర్ మాత్రం వదలకుండ వేరే మిల్లుల పట్టించి ఇస్తనని, ఆ లెక్క వచ్చే నెల తీసుకొస్తనని చెప్పి పోయిండు.